గోడ మీద పెన్సిల్ గీతలు

సంగతి ముందు బెల్టు దగ్గర బయటపడింది. నవంబరులో ఒక పొద్దున ప్యాంటు వేసుకుని, వెనక లూపులోంచి బెల్టు లాగుదామని ఎడమ చెయ్యి వెనక్కి పెట్టాను. తుంటి దాకా వెళ్లి ఆగింది. ఇంకాస్త నెట్టేసరికి భుజంలో ఎవరో స్క్రూడ్రైవర్ దింపి ఒక్క తిప్పు తిప్పినట్టయింది. కళ్ల ముందు చుక్కలు కనబడ్డాయి. మంచం మీద కూలబడి, బెల్టు ఒళ్లో పెట్టుకుని, మా ఆవిడ చూడలేదు కదా అని తలుపు వైపు చూశాను.

చూసింది.

"ఏమండీ, ఏమైంది?"

"ఏం లేదు. పట్టేసినట్టుంది."

ఆ 'పట్టేసినట్టుంది'తోనే రెండు నెలలు నెట్టుకొచ్చాను.

నాకు యాభై రెండేళ్లు. హార్డ్‌వేర్ షాపు నాది. మేకులు, మరలు, తాళాలు, పైపులు, పెయింటు డబ్బాలు. పైన అరల్లోంచి దించడం, కొలిచివ్వడం, మళ్లీ పైన సర్దడం, ఇదే రోజంతా పని. నొప్పి ఎడమ చేతికి కదా, రాసేదీ కోసేదీ కుడిచెయ్యే కదా అనుకున్నాను. ఎడమ చెయ్యి ఎంత పని చేస్తుందో అది మానేశాక తెలిసింది. టేపు కొస పట్టుకునేది అది. బిల్లు పుస్తకం కదలకుండా నొక్కేది అది. నిచ్చెన మీద కుడిచేత్తో డబ్బా లాగుతుంటే నన్ను పడకుండా పట్టుకునేదీ అదే. ఇక చొక్కా తొడుక్కోవడం ఒక పెద్ద ప్రహసనం. ముందు నొప్పి చేతికి తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని చివర్లో విప్పాలి. ఈ వరస నేర్చుకోవడానికే నాకు వారం పట్టింది.

పగలు ఎలాగోలా గడిచిపోయేది. రాత్రే నరకం. ఎడమ వైపు తిరిగితే మెలకువ. వెల్లకిలా పడుకుంటే భుజం వెనక్కి జారి మెలకువ. చివరికి చంక కింద ఒక దిండు, మోచేతి కింద ఒక దిండు పెట్టుకుని, సామాను ప్యాక్ చేసినట్టు నన్ను నేను ప్యాక్ చేసుకుని పడుకునేవాణ్ణి.

జనవరిలో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను చెయ్యి ఎత్తమన్నాడు, ఎత్తలేకపోయాను. తర్వాత తనే నా చెయ్యి పట్టుకుని ఎత్తి చూశాడు, అప్పుడూ లేవలేదు. మోచేతిని నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోతే, మొదట్లోనే బిగుసుకుపోయింది. "ఇదీ గుర్తు," అన్నాడు. "కండరం తెగితే మీరు ఎత్తలేకపోయినా నేను ఎత్తగలను. ఇక్కడ నాకూ లేవడం లేదు. ఫ్రోజెన్ షోల్డర్." ఎక్స్‌రేలో ఎముకకేమీ కాలేదని తేలింది. కీలు చుట్టూ సంచిలా ఒక పొర ఉంటుందట. అది వాచి, దళసరెక్కి, ముడుచుకుపోతుందట. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఎక్కువగా వస్తుందట. "షుగర్ ఉందా?" అని అడిగాడు. ఆరేళ్ల నుంచీ ఉంది. ఉన్నవాళ్లకి ఇది రావడం ఎక్కువ, తగ్గడం ఆలస్యం అని చెప్పాడు.

"ఎన్నాళ్లకి తగ్గుతుంది?"

"ఏడాది. రెండేళ్లు కూడా పట్టొచ్చు."

మేకులు లెక్కపెడుతున్నట్టు చెప్పాడు. నేను వారమో, పది రోజులో అంటాడనుకుని వెళ్లాను.

భుజంలో ఒక ఇంజెక్షన్ ఇచ్చాడు. కొన్నాళ్లు షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోండి అన్నాడు. నిజంగానే పెరిగింది, తర్వాత దిగింది. నొప్పి మాత్రం సగానికి తగ్గింది, రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. బిగువు అలాగే ఉంది. దానికి మందు వ్యాయామమేనని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాడు.

ఆ అమ్మాయికి మా పెద్దదాని వయసుంటుంది. మొదటిరోజు నేర్పింది చూసి నవ్వొచ్చింది. కుడిచెయ్యి బల్ల మీద ఆనించి, ముందుకి వంగి, ఎడమ చేతిని వేలాడదీయాలి. ఒంటిని కొంచెం ఊపితే చెయ్యి దానంతటది గడియారం లోలకంలా ఊగాలి. ముందుకీ వెనక్కీ, ఆ తర్వాత చిన్న చిన్న సున్నాలు.

"ఇంతేనా అమ్మా?"

"ఇంతే సార్. కాడ్‌మన్ అనే డాక్టరు పేరు మీద ఉంది ఇది. ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరు 1934లో పెట్టిందీ ఆయనే. మీరు చెయ్యి తిప్పుతున్నారు. తిప్పకండి, వదిలేయండి."

వదిలేయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నాకు తెలియకుండానే భుజాన్ని బిగబట్టి ఉంచుతున్నాను, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

ఇంకో మూడు చెప్పింది. వెల్లకిలా పడుకుని, కర్ర రెండు చేతుల్తో పట్టుకుని, కుడిచేత్తో ఎడమ ముంజేతిని మెల్లగా బయటికి నెట్టాలి. కర్ర బదులు కొట్లో మిగిలిన పైపు ముక్క పనికొచ్చింది. తలుపు పైన చిన్న కప్పీ బిగించి, తాడు వేసి, మంచి చేత్తో లాగితే పట్టేసిన చెయ్యి పైకి లేవాలి. కప్పీలు అమ్మేవాణ్ణి నేనే, నాకెందుకు ఉపయోగపడతాయో ఆ అమ్మాయి చెప్పాల్సి వచ్చింది. మూడోది గోడ ఎక్కడం. గోడకి ఎదురుగా నిలబడి వేళ్లను సాలీడులా నడిపిస్తూ పైకి తీసుకెళ్లాలి. ఆగినచోట కాస్సేపు నిలిపి, అలాగే కిందికి నడిపించాలి. ఏది చేసినా ముందు పదినిమిషాలు వేడినీళ్ల సంచి పెట్టుకోవాలి.

గోడ ఎక్కడమంటే కొలత ఉన్న పని, అది నాకు నచ్చింది. గోదాము గదిలో గోడకి నిలువునా టేపు పెట్టి మొదటి గీత గీశాను: జనవరి 28, 134 సెంటీమీటర్లు. అంటే భుజం ఎత్తు కూడా రాలేదు. కుడిచేత్తో గీస్తే 206. మధ్యలో 72 సెంటీమీటర్ల తెల్లగోడ.

రెండు వారాల్లో 139కి వచ్చాను. మూడోవారం 144. మురిసిపోయి ఫోనులో ఫోటో తీసి చూపించాను. ఆ అమ్మాయి "ఇక్కడే ఒకసారి చేసి చూపించండి" అంది. చేశాను. చేస్తుంటే నా భుజం మీద వేలు పెట్టింది.

"సార్, చెయ్యి లేవట్లేదు. భుజాన్ని చెవి దాకా ఎగరేస్తున్నారు. మడమలు కూడా లేచాయి చూసుకోండి."

తూకంలో బొటనవేలు నొక్కిన వాడు పట్టుబడినట్టు నిలబడ్డాను. ఇంటికొచ్చి 144 గీత రబ్బరుతో తుడిచేశాను. సరిగ్గా చేస్తే 138.

మార్చిలో ఒక రాత్రి నాకు నా మీదే కోపం వచ్చింది. ఆ రోజు షట్టర్ నేను దించలేక కొట్లో కుర్రాడు శీను దించాడు. "నేనున్నాగా బాబాయ్" అని మంచిగానే అన్నాడు, నాకే గుచ్చుకుంది. వాడు వెళ్లాక షట్టర్ మళ్లీ సగం ఎత్తి, దాని కింది పట్టీని ఎడమచేత్తో పట్టుకుని, మోకాళ్లు వంచి ఒంటి బరువంతా వదిలేశాను. తెగితే తెగనీ అనుకున్నాను. లోపల చిటుక్కుమంది. వారం రోజులు మళ్లీ కుర్చీలో కూర్చునే నిద్ర. గోడ మీద కొలిస్తే 131, మొదలుపెట్టిన దానికన్నా తక్కువ.

తుప్పు పట్టిన నట్టు ఎవరైనా తెస్తే నేనేం చెబుతానో గుర్తొచ్చింది. నూనె వెయ్యండి, ఒక రాత్రి వదిలేయండి, పొద్దున అటూ ఇటూ కొంచెం కొంచెం కదపండి, బలంగా తిప్పితే బోల్టు మెడ విరుగుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఊరందరికీ చెబుతున్న మాట ఇది.

ఫిజియో అమ్మాయి తిట్టలేదు, అదే నయం. ఒక కొలబద్ద మాత్రం ఇచ్చింది. "చేసేటప్పుడు లాగినట్టు ఉండాలి, పొడిచినట్టు కాదు. ఆపేశాక నొప్పి కాసేపట్లో సర్దుకోవాలి. రాత్రంతా ఉందంటే ఎక్కువ చేశారన్నమాట. మర్నాడు తగ్గించండి, మానకండి." ఆ 'మానకండి' దగ్గర కాస్త గొంతు పెంచింది.

అప్పట్నుంచి రోజుకి మూడు పూటలు, పూటకి పదినిమిషాలు. పొద్దున కొట్టు తీయకముందు, మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు, రాత్రి పడుకునే ముందు. మధ్యాహ్నం పూట కౌంటరు మీద వాలి చెయ్యి ఊపుకుంటుంటే, ఏదో పడిపోయిందనుకుని ఒకాయన నాతో పాటు వంగి నేల మీద వెతికాడు.

ఏప్రిల్ చివరికి 152 వచ్చింది. మేలో 152. జూన్‌లో 152. జులైలో కూడా. నొప్పి బాగా తగ్గింది, చెయ్యి మాత్రం కొయ్యబొమ్మ చెయ్యిలా అక్కడే ఆగేది. అదేచోట గీతల మీద గీతలు పడి నల్లటి పట్టీలా తయారైంది. ఒకరోజు మా ఆవిడ ఏదో సామానుకి ఆ గదిలోకొచ్చి, ఆ నలుపు చూసి, "ఇదేంటి, గోడ ఇక్కడ మాసిపోయింది" అంది. అవి నాలుగు నెలలు అని చెప్పాను. ఇంకేమీ అనకుండా వేడినీళ్ల సంచి నింపుకొచ్చింది. ఈ దశ ఇలాగే ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు గానీ, వినడం వేరు, రోజూ అదే గీత మీద పెన్సిల్ పెట్టడం వేరు. నిజం చెప్పాలంటే కొన్ని రోజులు ఎగ్గొట్టాను కూడా. ఎగ్గొట్టిన మర్నాడు చెయ్యి ఎలా ఉండేదో నాకే తెలుసు.

ఆగస్టు 19న 154.

మడమలు చూసుకున్నాను, నేల మీదే ఉన్నాయి. భుజం మీద కుడిచేత్తో నొక్కి చూశాను, లేవలేదు. మళ్లీ చేశాను. 154. పక్కనే తారీకు వేసి, ఎవరికీ చెప్పకుండా కౌంటరు దగ్గరికి వచ్చి కూర్చున్నాను. సాయంత్రం శీను అడిగాడు, "ఏంటి బాబాయ్, ఇవాళ ఒక్కసారి కూడా విసుక్కోలేదు?"

తర్వాత త్వరగానే కదిలింది, నా లెక్కలో. దసరాకి 168, డిసెంబరులో 183. ఎడమ వైపు తిరిగి పడుకున్న మొదటి రాత్రి ఏదో చెప్పలేను, పొద్దున లేచి చూస్తే అటు తిరిగి ఉన్నాను. మార్చికి 199. అక్కణ్ణుంచి పెద్దగా కదల్లేదు. బెల్టు ఇప్పుడు వెనక లూపులోంచి పోతుంది, కాకపోతే వీపు గోక్కోవాలంటే ఎడమచెయ్యి ఇంకా నాలుగు వేళ్ల దూరంలో ఆగుతుంది. దానికి తువ్వాలుతో చేసే వ్యాయామం ఒకటుంది, చేస్తున్నాను. షట్టర్ నేనే దించుతున్నాను, రెండు చేతుల్తో.

మొన్న ఒకావిడ వచ్చింది. చిన్న కప్పీ కావాలంది, మూడు మీటర్ల తాడూ కావాలంది. సైజెంతమ్మా, ఎంత బరువు లాగాలి అని అలవాటుగా అడిగాను.

"బరువేం లేదండీ. తలుపుకి కట్టుకోమన్నారు," అంది. పర్సు తీయడానికి ఒంటిని మొత్తం పక్కకి తిప్పింది.

తాడు కొలుస్తున్నవాణ్ణి ఆగాను.

"ఏ చెయ్యమ్మా?"