మా చెల్లె లలిత, శ్రీను బావ పెండ్లి విందులో నా నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. గ్లాసులు అందరికీ అందినయా? వెనక వరుసకు ఇంకా రాలేదట. బాబూ, అటు కూడా ఇవ్వండి.

ఇది మన గుర్రంపోడు తోట బత్తాయి రసం. కాయలు నిన్న సాయంత్రం నేనే కోయించాను. చక్కెర వెయ్యలేదు, చిటికెడు ఉప్పు మాత్రం వేయించాను. ఇప్పుడే తాగకండి, నేను చెప్పినంక తాగుదాం. హాలు వెనక కారు డిక్కీలో వేరే సీసాలు ఉన్నాయని నాకూ తెలుసు. వాటి సంగతి రాత్రికి చూసుకుందాం, ముందు ఇది.

నాకు మైకు ఇవ్వొద్దని మా ఇంటావిడ రెండు రోజుల నుంచి చెప్తూనే ఉంది. పొద్దంతా చెట్లతో మాట్లాడేవాడు మనుషులు దొరికితే వదలడు అని ఆమె భయం. తొందరగానే ముగిస్తాను. బగారా చల్లారనివ్వను.

ఈ పెండ్లి అనుకున్నప్పుడు మా చుట్టాల్లో ఒక పెద్దమనిషి అమ్మను పక్కకు పిలిచి, "రెండోది గదా, గుడిలో దండలు మార్పించి పది మందికి అన్నం పెడితే సరిపాయె, కార్డులెందుకు?" అన్నాడు. అమ్మ ఏమన్నదో తెలుసా? "మొదటిది భయపడుకుంట చేసిన. ఇది నవ్వుకుంట చేస్త. కార్డులు మూడొందలు కొట్టియ్యి." ఆ పెద్దమనిషి కూడా ఇక్కడే ఉన్నాడు, ముందు వరుసలోనే కూర్చున్నాడు. పొద్దున చెరువుగట్టు గుడిలో అందరికంటే ఎక్కువ అక్షింతలు వేసింది కూడా ఆయనే.

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎంత గొడవైందో చదువుకున్నాం. మనకు ఇవాళ ఉన్న టెన్షన్ అంతా మటన్ కూర చివరి పంక్తి దాకా వస్తదా రాదా అన్నదే. వస్తది. నేను చూసే వచ్చాను.

ఇప్పుడు మా లల్లి గురించి. ఏడేండ్ల కింద ఏం జరిగిందో ఇక్కడ విప్పను. ఆ అవతలి మనిషి కూడా తన బతుకు తాను బతుకుతున్నాడు, చల్లగా ఉండనీ. కానీ నా తప్పు ఒకటి ఉంది, అది మాత్రం మీ అందరి ముందు చెప్పాలి. లల్లి మొదటిసారి ఫోన్ చేసి, "అన్నా, నాతోని అయితలేదు" అన్నప్పుడు నేను మోటరు దగ్గర ఉన్నాను. కరెంటు పోతదేమోనన్న ఆత్రం నాది. "సర్దుకో బిడ్డా, అందరి ఇండ్లల్ల ఉండేదే" అని పెట్టేశాను. ఒక్క నిమిషం కూడా వినలేదు. నాలుగు నెలల తర్వాత ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో అయిదేండ్ల కూతురు అక్షర వేలు పట్టుకొని మా ఊరి స్టేజీ దగ్గర బస్సు దిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటి నుంచి చూస్తున్నాను. పొద్దున ప్రైవేటు బడిలో పాఠాలు, రాత్రి అక్షర పండుకున్నాక బల్బు కింద పుస్తకాలు. 2024 డీఎస్సీలో టీచర్ ఉద్యోగం కొట్టింది. ఆ రోజు కూడా ఏడ్వలేదు, సర్టిఫికెట్లకు జిరాక్సులు ఎన్ని తీయాలని అడిగింది. మా చెల్లె అంటే అదీ.

ఇక మా బావ. శ్రీను బావ కండక్టరు, పాలమూరు మనిషి. బావ మొదటి భార్య పద్మక్క పోయి అయిదేండ్లు. కొడుకు వరుణ్‌కు అప్పుడు పదకొండు. తెల్లవారుజాము డ్యూటీ ఉంటే నాలుగింటికే లేచి పిల్లగానికి టిఫిన్ డబ్బా కట్టి పోయేవాడని జడ్చర్ల అత్తమ్మ చెప్పింది. అత్తమ్మ అంటే పద్మక్క తల్లి. ఆమె ఇవాళ ఇక్కడికి వచ్చింది. లల్లి నొసట బొట్టు పెట్టి, "నా బిడ్డ ఇంటికి పోతున్నవు, అది నా ఇల్లే" అన్నది. అత్తమ్మా, మీ కాళ్ళకు దండం.

మా అమ్మ ఊరుకుంటుందా? సంబంధం వచ్చిందనగానే జీరో టికెట్ మీద కల్వకుర్తికి మూడుసార్లు పోయొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. బావ బస్సులోనే ఎక్కి, వెనక సీట్లో కూర్చొని చూసిందంట. మూడోసారి వచ్చి తీర్పు చెప్పింది: "టికెట్ వెనక రాసిచ్చిన చిల్లర దిగేటప్పుడు పిలిచి మరీ ఇస్తున్నడు. ఈయన మంచోడే." కండక్టర్ల సంగతి తెలిసినవాళ్ళకు ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు. బావా, ఆ వెనక సీటు ముసలామె ఎవరో నీకు ఇప్పుడు తెలిసింది కదా!

వీళ్ళు కల్వకుర్తిలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ఆమెకు దేవరకొండ వైపు బడి, ఆయనకు కల్వకుర్తిలోనే డిపో. పోయిన ఆదివారం జడ్చర్ల నుంచి సామాన్లు నా ట్రాలీలోనే వేసుకొచ్చాను. అన్నీ దించినంక లల్లి అటూ ఇటూ చూసి, "పద్మక్క ఫోటో ఏది?" అని అడిగింది. బావ మాట్లాడలేదు. వరుణ్ పోయి బట్టల అట్టపెట్టె అడుగు నుంచి, దుప్పట్లో చుట్టినది తీసుకొచ్చాడు. లల్లి కొంగుతో అద్దం తుడిచి, హాల్లో టీవీకి పక్కన జాగా చూపించింది. మేకు నేనే కొట్టాను. గోడ గట్టిది, రెండు మేకులు వంగినయి. వరుణ్ కుర్చీ పట్టుకొని నిలబడ్డాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సాయంత్రం మాత్రం మొదటిసారి తనంతట తానే, "అమ్మా, చాయ్ పెట్టనా?" అని లల్లిని అడిగాడు.

బత్తాయి రైతును, నాకు తెలిసింది ఇంతే. బత్తాయి మొక్క గింజ నుంచి తెచ్చుకోం. జంబేరి నిమ్మ మొక్కకు గాటు పెట్టి, బత్తాయి కన్ను కూడా కోసి, ఆ గాట్లో పెట్టి టేపు చుడతారు. కోత ఇద్దరికీ పడుతుంది. నాటేటప్పుడు మా నాయిన ఒక్కటే అరిచేవాడు: "అంటు మట్టిల కప్పకురా, పైకి కనపడాలె!" కప్పితే తడి తగిలి బంక తెగులు వస్తుంది, చెట్టే పోతుంది. మా తోటలో ఇరవై ఏండ్ల చెట్లకు కూడా మోకాలు కింద ఆ ముడి ఇప్పటికీ కనపడుతుంది. మీరు తాగబోయేది ఆ చెట్ల కాయే.

అందుకే చుట్టాలకు ఒక మనవి. వీళ్ళ ముందు పాత ముచ్చట వచ్చిందని టక్కున మాట మార్చకండి. పద్మక్క పేరు తీయండి. అక్షర వాళ్ళ నాయిన దగ్గరికి సెలవులకు పోతే పోయొచ్చినవా అని అడగండి, గుసగుసలాడకండి.

పిల్లల సంగతి అడుగుతున్నారా? నిన్న రాత్రి ఒక్క చార్జర్ కోసం ఇద్దరూ కొట్లాడుకున్నారు. వరుణ్ జుట్టు పట్టి లాగింది అక్షర. మేం ఏ తంతూ జరపకముందే అన్నాచెల్లెండ్లు అయిపోయారు.

లల్లీ, ఈసారి నువ్వు ఫోన్ చేస్తే మోటరు బంద్ చేసి వింటాను. బావా, నీకూ అంతే. ఆమె మీద కంప్లైంటు ఉన్నా నాకే చెయ్యి. వింటాను గానీ, ఎవరి పక్క ఉంటానో నీకు తెలుసు!

ఇక లేవండి అందరూ. అత్తమ్మా, నువ్వు కూర్చునే ఉండు, మోకాళ్ళ నొప్పి. గ్లాసులు పైకెత్తండి.

మా లలితకు, మా శ్రీను బావకు, అక్షరకు, వరుణ్‌కు, కల్వకుర్తి ఇంటికి!

తాగండి. బగారా వడ్డిస్తున్నారు, అటు పదండి.