మా గోడల పగుళ్లు ఇద్దరం కలిసి చూద్దాం: పక్కింటి వారికి ఉత్తరం

అన్నయ్యగారికి నమస్కారం.

మొన్న గేటు దగ్గర కలిసినప్పుడు "పాత ఇల్లు కదా, పగుళ్లు మామూలే" అన్నారు. అందులో కొంత నిజముంది. మా ఇల్లు కట్టి 22 ఏళ్లయింది. పిట్టగోడ మీద, వంటింటి ప్లాస్టరింగ్‌లో సన్నని గీతలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని మీ లెక్కలో వేయను.

నేను చెబుతున్నవి వేరు. మీ సెల్లార్ తవ్వకం మా ప్రహరీ పక్కకు వచ్చింది ఈ నెల 4న. 7న మా పడకగది కిటికీ కింది మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు కనిపించింది. ఇప్పుడు నాలుగడుగులు సాగింది, వెడల్పైన చోట 3 మిల్లీమీటర్లుంది. గోడ బయటి వైపు కూడా సరిగ్గా అక్కడే కనిపిస్తోంది, అంటే పూత ఒక్కటే పగల్లేదు. ఆ గది తలుపు గడియ పడటం లేదు. 10న పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాశాను. 14 నాటికి గీత దాటి రెండంగుళాలు పోయింది. నా టెన్షనంతా దాని గురించే. అత్తయ్యగారి మంచం హాల్లోకి మార్చేశాం.

మా పునాది లోతు నాలుగున్నర అడుగులే, మీ గొయ్యి పదడుగులు దాటింది. పక్క మట్టి జారిందో, మోటార్లతో నీళ్లు తోడటం వల్ల నేల కుంగిందో, రాళ్లు పగలగొట్టే బ్రేకర్ అదురు వల్లో నాకూ తెలియదు, మీకూ తెలియదు. అందుకే ఇద్దరం కలిసి చూద్దామంటున్నాను.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మీరు, మీ సైట్ ఇంజనీర్, మేస్త్రీ రండి. మనిద్దరికీ సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను నేను పిలుస్తాను, ఆ రోజు ఫీజు నాదే. ఆయన మీద మీకు నమ్మకం లేకపోతే మీ తరఫున ఇంకొకరిని తెచ్చుకోండి. ముందు మా ఇల్లు, తర్వాత మీ గొయ్యిలో మా వైపు మట్టి చూడనివ్వండి. ప్రతి పగులునూ కొలిచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, పాతవి ఏవో కొత్తవి ఏవో కాగితం మీద రాద్దాం. రెండు కాపీల మీద ఇద్దరం సంతకం చేద్దాం. సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, ఆ మాట కూడా అందులోనే రాద్దాం. రేపు నేను పాత పగులును మీ మీద రుద్దకుండా అది మీకూ రక్షణే.

అప్పటిదాకా మా గోడ వెంట తవ్వకం ఆపించండి. మిగతా వైపుల పని మీరు చేసుకోవచ్చు. మీ మేస్త్రీ సిమెంటుతో పూడుస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు గానీ, ఇప్పుడు పూడిస్తే పగులు పెరుగుతోందో ఆగిందో తెలియదు. కొన్నాళ్లు దాని మీద గాజు ముక్క అతికించి చూద్దాం, పగులు పెరిగితే గాజు విరుగుతుంది.

ఆదివారం కుదరకపోతే శనివారం సాయంత్రమైనా సరే. ఇంజనీర్‌కు కబురు పెట్టాలి కాబట్టి గురువారం లోపు ఒక్క మాట చెప్పండి. ఇన్నేళ్లు పక్కపక్కనే ఉండి ఆఫీసుల చుట్టూ తిరగాలని నాకు లేదు.

ఇట్లు,
మీ పక్కింటి తమ్ముడు