తనిఖీ నివేదిక, 3వ భాగం: మీ బీముల్లో కనిపించినవాటికి అర్థం

తనిఖీకి వచ్చిన రోజు మీరు ముందుగా చూపించింది హాలు మధ్య బీమ్‌కు అడుగున ఉన్న పగులు. దాన్ని చూసి నిద్ర పట్టడం లేదన్నారు. అందుకే ముందు దాని సంగతే చెబుతాను.

మందపాటి స్పాంజి ముక్కను రెండు చివర్లా ఆనించి, నడుమ వేలితో నొక్కండి. పైభాగం నొక్కుకుపోతుంది, అడుగు సాగుతుంది. దీన్నే బెండింగ్ అంటాం. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, సాగదీస్తే మాత్రం దానిలో సుమారు పదో వంతు బలమే చూపుతుంది. అడుగున ఇనుప కడ్డీలు వేసేది అందుకే. ఆ కడ్డీలు పని అందుకునేటప్పుడు చుట్టూ ఉన్న కాంక్రీటు సన్నగా చీలడం మామూలే. మీ హాలు పగులు నిలువుగా, సరిగ్గా నడుమ ఉంది. వెడల్పు 0.2 మి.మీ. ఎక్కడా తుప్పు మరక లేదు. దీనికి భయపడక్కర్లేదు.

అదే బీమ్ 17 మి.మీ. కిందికి దిగింది. కింద తలుపు పట్టేస్తున్నది ఇందువల్లే. ఏళ్ల తరబడి పుస్తకాలు మోసిన చెక్క అర చూడండి, బరువు పెంచకపోయినా మెల్లగా వంగుతూనే ఉంటుంది. పుస్తకాలు తీసేసినా పూర్తిగా తిన్నగా అవదు. కాంక్రీటుకూ ఈ గుణం ఉంది, పేరు క్రీప్. మొదటి కొన్నేళ్లలో ఎక్కువగా ఉండి, తర్వాత నెమ్మదిస్తుంది. సెంట్రింగ్ తొందరపడి విప్పితే ఇంకా పెరుగుతుంది. 6 మీటర్ల బీమ్‌కు మేం సాధారణంగా ఒప్పుకునే హద్దు 24 మి.మీ. మీది అందులోపే ఉంది కాబట్టి తలుపు పైఅంచు చిత్రిక పట్టించుకుంటే చాలు.

నన్ను కలవరపెట్టింది మీరు చూపించని పగులు. మేడ మీద, నీళ్ల ట్యాంకు కింది బీమ్‌లో, కాలమ్‌కు దగ్గరగా ఏటవాలుగా పైకి పాకింది. వెడల్పు 0.5 మి.మీ. పైనుంచి బరువు కిందికి తోస్తుంటే కాలమ్ పైకి ఎత్తి పట్టుకుంటుంది. కత్తెర రెండు అలుగుల మధ్య కాగితంలా, ఆ మధ్య భాగం కోతకు గురవుతుంది. ఇది షియర్. దీన్ని ఆపాల్సినవి బీమ్‌లోని రింగులు. స్కానర్‌తో చూస్తే, డ్రాయింగులో 150 మి.మీ.కు ఒకటి ఉన్న రింగులు అక్కడ దాదాపు 300 మి.మీ.కు ఒకటి ఉన్నాయి. పైగా రెండో ట్యాంకు తర్వాత పెట్టింది, డ్రాయింగులో లేదు.

బెండింగ్‌లో బీమ్ బాగా వంగి, పగుళ్లు విచ్చుకుని ముందే హెచ్చరిస్తుంది. షియర్‌లో ఆ వ్యవధి దొరక్కపోవచ్చు. కాబట్టి ఈ నివేదిక చదివిన రోజే రెండు ట్యాంకులూ ఖాళీ చేయించండి. బీమ్ కింద జాకీలు నేను దగ్గరుండి పెట్టిస్తాను, అవి పెట్టేదాకా ఆ బీమ్ కింది గదిలో ఎవరూ ఉండొద్దు. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. దయచేసి దానిమీద పుట్టీ గానీ రంగు గానీ వేయించకండి. పగులు ఆ గీత దాటితే వెంటనే నాకు ఫోన్ చేయండి.