విషయం: రమ్య గారికి స్వాగతం – సోమవారం నుంచి మొదటి వారం వివరాలు

రమ్య గారికి,

నమస్తే. నవంబర్ 3, సోమవారం నుంచి మీరు మా పత్తి హెల్ప్‌లైన్ టీమ్‌లో చేరుతున్నందుకు చాలా సంతోషంగా ఉంది. ఇంటర్వ్యూలో మీ నాన్నగారు పత్తి అమ్మిన ముచ్చట చెప్పినప్పుడే ఈ పని మీకు కొత్త కాదని అర్థమైంది. కాకపోతే ఇన్నాళ్లూ ట్రాలీ దగ్గర నిలబడి చూసిన విషయాన్ని ఇప్పుడు ఫోన్లో వింటారు. రైతు ముఖం కనపడదు, పత్తి కనపడదు. మాటను బట్టే పట్టుకోవాలి. ఇది నేర్చుకోవడానికి కొంత టైమ్ పడుతుంది, ఆ టైమ్ మీకు ఇస్తాం.

మీరు చేరేది మామూలు వారంలో కాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ బుధవారం మొంథా తుఫాను వానకు మన వరంగల్, హనుమకొండల్లో ఏమైందో మీరూ చూశారు. చేలో పగిలిన పత్తి తడిసింది, ఏరి ఇంట్లో పోసుకున్నది కూడా కొందరికి తడిసింది. నిన్నటి నుంచి మన ఫోన్లు ఆగడం లేదు. "మేడం, పత్తి నల్లబడ్డది, కొంటరా కొనరా?" అన్నదే ఎక్కువ మంది అడుగుతున్న మాట. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటుంది. అందుకే మీ ట్రైనింగ్‌ను ఈ ప్రశ్న చుట్టూనే పెట్టాను.

ఆఫీసుకు రావడం

మన ఆఫీసు నక్కలగుట్టలో, మెయిన్ రోడ్డు మీదే, మొదటి అంతస్తులో ఉంది. కింద మందుల షాపు ఉంటుంది. పరకాల బస్సు దిగాక హనుమకొండ బస్టాండ్ దగ్గర కాజీపేట వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కితే సరిగ్గా ఆఫీసు ముందే దిగొచ్చు. టైమింగ్ ఉదయం 8:30 నుంచి సాయంత్రం 5:30. ఉదయం తొమ్మిదిన్నర దాకా కాల్స్ చాలా ఎక్కువగా ఉంటాయి, రైతులు ట్రాలీ కదిలించే ముందే ఫోన్ చేస్తారు కాబట్టి. టైముకు రమ్మని అడిగేది అందుకే. బస్సు లేటైతే టెన్షన్ పడొద్దు, టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి చాలు. లంచ్ బాక్స్ తెచ్చుకోండి. అందరం కలిసే తింటాం, కానీ ఫోన్ దగ్గర ఎప్పుడూ ఇద్దరు ఉండాలి కాబట్టి రెండు విడతలుగా.

మొదటి వారం

సోమవారం రాగానే ముందు కవిత గారిని కలవండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్సులు, రెండు ఫొటోలు తేవాలి. ఒరిజినల్స్ చూసి అప్పుడే తిరిగి ఇచ్చేస్తారు. ఇంతకుముందు ఎక్కడైనా పీఎఫ్ ఉంటే యూఏఎన్ నంబర్ కూడా. ఇది గంటలో అయిపోతుంది. తర్వాత సంపత్ మీ సిస్టమ్, హెడ్‌సెట్, లాగిన్ చూపిస్తాడు. మధ్యాహ్నం నుంచి సమ్మయ్య అన్న పక్కన కూర్చుని రెండో హెడ్‌ఫోన్‌తో కాల్స్ వినండి. ఆ రోజు మీరు మాట్లాడాల్సిన పని లేదు.

మంగళవారం పొద్దంతా వినడమే. విన్న ప్రతి కాల్‌కు నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాయండి: రైతు ఏమడిగాడు, నిజానికి అతనికి కావలసింది ఏమిటి. చాలాసార్లు ఈ రెండూ ఒకటి కావు. ధర ఎంతని అడుగుతాడు. కదిపి చూస్తే, మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐకి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరకక, ప్రైవేటు వాళ్లకు అమ్మేయాలా అని ఆలోచిస్తుంటాడు. ధర చెప్పి ఫోన్ పెట్టేస్తే అతనికి మనం చేసిందేమీ లేదు. సాయంత్రం నాలుగున్నరకు ఆ నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికి రండి, కలిసి చూద్దాం.

బుధవారం కార్తీక పౌర్ణమి, గురునానక్ జయంతి. మనకు సెలవు. మంగళవారం సాయంత్రం మాత్రం కొంచెం ముందే బయల్దేరండి, పండగ ముందు వేయి స్తంభాల గుడి వైపు రద్దీకి బస్టాండ్ చేరేసరికి ఆలస్యమవుతుంది.

గురువారం ఆఫీసుకు రావద్దు. ఉదయం ఏడింటికి నేరుగా ఎనుమాముల మార్కెట్ మెయిన్ గేటు దగ్గరికి రండి, యాకయ్య అన్న అక్కడ ఉంటారు. ఈ వారంలో అన్నిటికన్నా ముఖ్యమైన రోజు ఇదేనని నా నమ్మకం. పత్తి యార్డులో వేలం ఎలా నడుస్తుందో, కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తిదారు ఎక్కడ నిలబడతాడో, ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి పత్తి తీసి ఎలా చూస్తాడో, తూకం వేసే దడ్వాయి కాంటా దగ్గర ఏం రాస్తాడో, రైతుకు అమ్మకం లెక్క రాసిచ్చే తక్‌పట్టీలో ఏయే కోతలు ఉంటాయో అన్నీ చూపిస్తారు. తక్‌పట్టీ ఒకటి రైతును అడిగి మొత్తం చదవండి. మధ్యాహ్నం సీసీఐ కొంటున్న ఒక జిన్నింగ్ మిల్లుకు తీసుకెళ్తారు. అక్కడ తేమ మీటరును మీరే చేతిలో పట్టుకుని చూడాలని చెప్పాను. కుప్ప పైన పెడితే ఒక అంకె, లోపలికి గుచ్చితే ఇంకో అంకె వస్తుంది. రైతుకూ మిల్లుకూ మాటామాటా పెరిగేది ఎక్కువగా అక్కడే. బూట్లు వేసుకోండి, వాన తర్వాత యార్డులో బురద ఉంటుంది.

శుక్రవారం నుంచి మీ కాల్స్ మొదలు. సమ్మయ్య అన్న పక్కనే ఉంటారు. శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవే, మనకు కూడా.

రాగానే తెలిసి ఉండాల్సిన లెక్క

దీన్ని సోమవారం లోపు ఒకసారి కాగితం మీద వేసి చూడండి. ఈ 2025-26 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది తేమ 8 శాతం ఉన్నప్పుడు. ఆపైన పెరిగే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే 81 రూపాయల 10 పైసలు తగ్గుతుంది. 10 శాతం తేమ ఉంటే 7,947 రూపాయల 80 పైసలు, 12 శాతం ఉంటే 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే సీసీఐ తీసుకోదు.

ఈ వానకు తడిసిన పత్తి 12 లోపు రావడం కష్టం. అలాంటి రైతు ఫోన్ చేస్తే ముందు ఒకటే అడగండి: ట్రాలీ నింపారా, ఇంకా ఇంట్లోనే ఉందా? ఇంట్లో ఉంటే తడిసిన దాన్ని పొడి పత్తిలో కలపొద్దని, ఎండ రాగానే టార్పాలిన్ మీద పలచగా ఆరబోసి మధ్యమధ్య తిరగేయమని చెప్పాలి. చేలో ఇంకా ఏరాల్సింది ఉంటే మంచు ఆరాకే ఏరమనాలి. ట్రాలీ అప్పటికే నింపి ఉంటే ఆ కిరాయి మీద వేలు పోయే ప్రమాదం ఉంది. వెంటనే యాకయ్య అన్నకు కలపండి, మిల్లు దగ్గర పరిస్థితి కనుక్కుని చెబుతారు.

ఇక యాప్ కాల్స్. ఎక్కువ భాగం ఓటీపీ రావట్లేదనే. రికార్డులో ఉన్న ఫోన్ నంబర్ పాతదో, కొడుకుదో అయి ఉంటుంది. వాళ్ల వ్యవసాయ విస్తరణ అధికారి, అంటే ఏఈఓ దగ్గరికి పంపుతాం. క్లస్టర్ వారీగా ఏఈఓల పేర్లు, నంబర్ల షీట్ సంపత్ మీ సిస్టమ్‌లో పెడతాడు. తెగుళ్లు, మందుల గురించి అడిగితే మనం సలహా ఇవ్వం. కిసాన్ కాల్ సెంటర్ నంబర్ 1800-180-1551 ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఎవరిని అడగాలి

కాల్‌లో ఏ సందేహం వచ్చినా ముందు సమ్మయ్య అన్న, ఎక్స్‌టెన్షన్ 12. మన టీమ్‌లో అందరికన్నా సీనియర్. ఆయన రైతుతో మాట్లాడే తీరు జాగ్రత్తగా వినండి, తొందర పెట్టకుండానే తొందరగా ముగిస్తారు. మార్కెట్, మిల్లుల సంగతులకు యాకయ్య అన్న. ఆయన సీట్లో ఉండరు, 15 నొక్కితే మొబైల్‌కు వెళ్తుంది. వేలం నడిచేటప్పుడు ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. సిస్టమ్ ఆగితే సంపత్, 18. జీతం, సెలవులకు కవిత గారు, 20. నా ఎక్స్‌టెన్షన్ 11. నా రూమ్ తలుపు తీసే ఉంటుంది, అడిగి రావాల్సిన పని లేదు.

మీ నుంచి నేను కోరేవి

మూడు నెలల ప్రొబేషన్‌లో మొదటి నెల మీరు ఎన్ని కాల్స్ తీసుకున్నారని లెక్క చూడను. చూసేది వేరే.

తెలియనిది తెలుసన్నట్టు చెప్పొద్దు. మనం చెప్పిన మాట నమ్మి రైతు ట్రాలీ కిరాయికి మాట్లాడుకుంటాడు, హమాలీలను పిలుచుకుంటాడు, రాత్రంతా మిల్లు ముందు లైన్లో ఉంటాడు. "కనుక్కుని అర గంటలో ఫోన్ చేస్తానండీ" అనడంలో తప్పు లేదు. కానీ అర గంట అన్నాక అర గంటే. జవాబు దొరకకపోయినా ఫోన్ చేసి ఇంకా దొరకలేదని చెప్పాలి. ఈ ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను.

ఓటీపీ, బ్యాంకు వివరాలు మనకు చెప్పమని ఎవరినీ ఎప్పుడూ అడగొద్దు. అడగకుండానే చదివి వినిపించేవాళ్లు ఉంటారు. మధ్యలో ఆపి, ఎవరికీ చెప్పొద్దని వాళ్లకు కూడా చెప్పండి. ఫలానా మిల్లుకు పొమ్మని, ఫలానా అడ్తికి వేయమని సిఫార్సు చేయొద్దు. రేపు ధర పెరుగుతుందా అంటే మనం జోస్యం చెప్పం, ఇవాళ్టి ధర మాత్రమే చెబుతాం.

రిజిస్టర్‌లో రైతు మాట రైతు మాటలాగే రాయండి. "తేమ సమస్య" అని రాస్తే తర్వాత చదివేవాళ్లకు ఏమీ తెలియదు. "పొద్దున 11, సాయంత్రం 13 చూపించిందట, వాపస్ పంపారు" అని ఉంటే యాకయ్య అన్న ఆ మిల్లులో నేరుగా అడగగలరు. కౌలు రైతైతే ఆ మాట తప్పకుండా రాయాలి, వాళ్ల కాగితాల ఇబ్బంది వేరు.

కోపంతో మాట్లాడేవాళ్లు ఉంటారు, ఈ వారం ఇంకా ఎక్కువ. పంట తడిసిన మనిషి కోపం మన మీద కాదు. పూర్తిగా చెప్పనివ్వండి. బూతులు తిడితే మాత్రం భరించాల్సిన అవసరం లేదు, కాల్ నాకు కలపండి. అలాంటి కాల్ తర్వాత పది నిమిషాలు లేచి బయటికి వెళ్లి రండి, ఎవరూ ఏమీ అనరు.

ఈ మెయిల్ చూశాక రెండు విషయాలు రిప్లై ఇవ్వండి: గురువారం ఉదయం ఏడింటికి ఎనుమాముల చేరగలరా, పరకాల నుంచి అంత పొద్దున బస్సు దొరుకుతుందా? దొరకకపోతే యాకయ్య అన్నను ఎనిమిదింటికి కలిసేలా మారుస్తాను. వరద వల్ల మీ ఊళ్లో గానీ ఇంట్లో గానీ ఇబ్బంది ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, చేరే తేదీని రెండు రోజులు జరపడానికి కవిత గారితో మాట్లాడే ఉంచాను.

సోమవారం 8:30కి కలుద్దాం.

విజయ
టీమ్ లీడ్, పత్తి హెల్ప్‌లైన్
నక్కలగుట్ట, హనుమకొండ
అక్టోబర్ 31, 2025