పది యూనిట్లంటే ఏ సిరంజిలో పది?

స్లైడ్ 1
డాక్టర్ పది యూనిట్ల ఇన్సులిన్ రాశారు, ఇంట్లో పది గీత దాకానే తీశారు. అయినా ఒంట్లోకి ఇరవై అయిదు వెళ్లొచ్చు.

స్లైడ్ 2
నేను హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సుని. షుగర్ పేషెంట్లు డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఇన్సులిన్ వేసుకోవడం నేర్పుతాను. ఇక్కడ ఎవరి కేసూ చెప్పట్లేదు, ఎందుకంటే పేరు తీసేసినా ఊరు, వయసు, వార్డు కలిపి చూస్తే తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. చెప్పేదంతా సీసా మీదా సిరంజి మీదా అచ్చయి ఉన్నదే.

స్లైడ్ 3
యూ-40 అంటే ఒక మి.లీ.లో 40 యూనిట్లు. యూ-100 అంటే అదే మి.లీ.లో 100.
మన దగ్గర సీసాలు ఎక్కువగా యూ-40, పెన్ను కార్ట్రిడ్జ్‌లు యూ-100. కానీ కొన్ని సీసాలు కూడా యూ-100లో వస్తాయి, చిక్కంతా అక్కడే. సిరంజిలూ రెండు రకాలు, మామూలుగా యూ-40కి ఎర్ర మూత, యూ-100కి నారింజ మూత. రంగు చూసి వదిలేయకండి, అంకె చదవండి.

స్లైడ్ 4
యూ-40 సిరంజిలో 10 గీత అంటే 0.25 మి.లీ. అందులోకి యూ-100 ఇన్సులిన్ తీస్తే 25 యూనిట్లు. షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, తికమక, ఆపైన స్పృహ తప్పడం.

తిరగేసి చూడండి. యూ-100 సిరంజిలో 10 గీత అంటే 0.1 మి.లీ., యూ-40 ఇన్సులిన్ తీస్తే 4 యూనిట్లే. షుగర్ దిగదు, డాక్టర్ డోసు పెంచుతారు, ఎప్పుడో ఒకరోజు షాపతను సరైన సిరంజి ఇస్తాడు, ఆ పెంచిన డోసంతా ఒక్కసారే ఒంట్లో పడుతుంది. నాకు దీంతోనే ఎక్కువ భయం, అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాదు మరి.

స్లైడ్ 5
ఇన్సులిన్ ఇక్కడ ఆస్పత్రి దగ్గర కొని నల్గొండకో మహబూబ్‌నగర్‌కో బస్సెక్కుతారు. సిరంజిలు అయిపోతే ఊళ్లో షాపుకి పిల్లాడిని పంపి "ఇన్సులిన్ సూది ఇమ్మను" అంటారు.

స్లైడ్ 6
అందుకే "అర్థమైందా అమ్మా?" అని అడగడం చాలదు, అందరూ తలూపుతారు. "అమ్మా, రేపు పొద్దున ఇంట్లో ఎలా తీస్తారో ఇప్పుడు మీ సీసాతో, మీ సిరంజితో తీసి చూపించండి" అంటాను. ఇంట్లో సూది వేసేది కోడలైతే, తీయాల్సింది ఆవిడే. ఖాళీ సిరంజి కవరు పర్సులో పెట్టుకోమంటాను, షాపులో అది చూపిస్తే చాలు.
ఇంకోటి, పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగొద్దు.

స్లైడ్ 7
డిశ్చార్జ్ కాగితం రాసే డాక్టర్‌గారూ, డోసు పక్కనే యూ-40నో యూ-100నో కూడా రాయండి. మెడికల్ షాపు అన్నా, సిరంజి ఇచ్చే ముందు "ఇంట్లో ఏ ఇన్సులిన్ ఉంది?" అని ఒక్క మాట అడగండి. నర్సు మిత్రులారా, మీ వార్డులో దీన్ని ఎలా నేర్పుతున్నారో కామెంట్లో రాయండి, పేషెంట్ వివరాలు మాత్రం వద్దు.