సవరించిన పరిశోధన షెడ్యూలు: ఎథిక్స్ అనుమతి, డేటా ప్లాన్ కలిపి (2026 జూలై – 2027 జూన్)

సమర్పణ: గైడ్ గారికి, డిపార్ట్‌మెంట్ రీసెర్చ్ కమిటీకి
పరిశోధన విషయం: కోనసీమ తీర మండలాల్లో రొయ్యల చెరువుల పక్కన ఉన్న ఇళ్లవారి తాగునీరు, కాలువలు పారేటప్పుడు, కట్టేసినప్పుడు
సమర్పిస్తున్నది: ఎం.ఎస్సీ. పర్యావరణ శాస్త్రం, రెండో సంవత్సరం విద్యార్థిని

జూన్ సమావేశంలో కమిటీ అడిగినట్టుగా డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ రాసే సమయాన్ని, ఎథిక్స్ కమిటీ అనుమతి కోసం ఆగాల్సిన సమయాన్ని షెడ్యూలులో చేర్చి పంపుతున్నాను. ప్రతి తేదీకీ కారణం కూడా రాశాను. ఏదైనా మార్చాల్సి వస్తే కారణం చూసి మార్చడం తేలిక.

కదపలేని తేదీలు

ఈ పరిశోధనలో రెండు తేదీలు నా చేతిలో లేవు. వాటిని కాలువలు నిర్ణయిస్తాయి. దాళ్వాకు నీళ్లు పారుతున్న ఫిబ్రవరిలో ఒకసారి, కాలువలు కట్టేసిన మేలో ఒకసారి అవే ఇళ్లకు వెళ్లాలి. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో మూడు గ్రామాలు, గ్రామానికి 40 ఇళ్లు, మొత్తం 120. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు కాబట్టి మొదటి కొన్ని వారాలు తేడా పెద్దగా కనిపించదు. చెరువు నీరు తగ్గి, ఇళ్లవాళ్లు బోరు నీటికో, కొనుక్కునే 20 లీటర్ల టిన్నులకో మళ్లేది మేలోనే. అందుకే రెండో విడత మే 3 నుంచి 15 వరకు. జూన్‌లో నీళ్లు వదిలాక వెళితే ప్రయోజనం లేదు, మరో ఏడాది ఆగాలి.

మొదటి విడత ఫిబ్రవరి 8 నుంచి 20 వరకు. సంక్రాంతి వారంలో ఇళ్లనిండా చుట్టాలు ఉంటారు, వాడే నీళ్లు కూడా మామూలు లెక్కకు రావు. అందుకే జనవరి వదిలేశాను.

మిగతా తేదీలన్నీ ఈ రెండింటి నుంచి వెనక్కి లెక్క కట్టినవే.

అనుమతి కోసం ఆగే సమయం

మన దరఖాస్తులు చూసే ఎథిక్స్ కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. ఈ ఏడాది మిగిలినవి సెప్టెంబరు, నవంబరు సమావేశాలు, తరువాత జనవరి. దరఖాస్తు సమావేశానికి మూడు వారాల ముందు అందాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీ అధ్యక్షులు సంస్థ బయటివారై ఉండాలి, కోరానికి కనీసం ఐదుగురు సభ్యులు కావాలి. వాళ్లందరికీ వేరే ఉద్యోగాలు ఉన్నాయి. ఒకరిద్దరు రాలేకపోతే సమావేశం వాయిదా పడవచ్చు. మధ్యలో దసరా, దీపావళి సెలవులు ఉండనే ఉన్నాయి.

మా అధ్యయనంలో ప్రమాదం చాలా తక్కువ కాబట్టి త్వరిత సమీక్షకు వెళ్లవచ్చని కొందరు స్నేహితులు అన్నారు. వెళ్లవచ్చు. కానీ అది తేల్చేది కమిటీయే, దరఖాస్తు చేసేవాళ్లు కాదు. నేను పూర్తి సమీక్ష జరుగుతుందనే లెక్క వేశాను.

దరఖాస్తు ఆగస్టు 28న ఇస్తాను. సెప్టెంబరు సమావేశంలో చూస్తారు. ప్రశ్నలు రాకుండా ఉండవు, అక్టోబరులో వాటికి జవాబులు రాస్తాను. నవంబరు సమావేశంలో ఆమోదం వస్తే నెలాఖరుకు ఉత్తరం చేతికి అందుతుంది. అంటే దాదాపు మూడు నెలలు. జనవరి సమావేశాన్ని అదనపు గడువుగా ఉంచాను. అప్పుడు వచ్చినా ఫిబ్రవరి 8 అందుకోగలం.

ఉత్తరం వచ్చేవరకు ఏ ఇంటికీ వెళ్లను. ప్రశ్నలు సరిపోతున్నాయో లేదో చూద్దామని రెండు ఇళ్లలో అడగడం కూడా సమాచారం సేకరించడమే. అనుమతికి ముందు సేకరించినదాన్ని తరువాత వచ్చిన అనుమతి సరిచేయలేదు.

డేటా ప్లాన్: జూలై 6 – ఆగస్టు 14

ఈ ప్లాన్ ఎథిక్స్ దరఖాస్తు కన్నా ముందే పూర్తి కావాలి. ఏ సమాచారం తీసుకుంటారు, ఎక్కడ దాస్తారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు తీసేస్తారు అని దరఖాస్తులోనే అడుగుతారు. ఇక్కడ తేలని విషయం సమ్మతి పత్రంలోనూ తేలదు. సమ్మతి పత్రంలో ఒక మాట, ప్లాన్‌లో మరో మాట ఉంటే కమిటీ తిప్పి పంపుతుంది, రెండు నెలలు పోతాయి. తొలి ప్రతి గైడ్ గారికి ఆగస్టు 3న ఇస్తాను.

ఇందులో నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది గుర్తుపట్టే ప్రమాదం గురించి. మా ప్రశ్నల్లో నీళ్లకు నెలకు ఎంత ఖర్చవుతోంది, బోరు ఎప్పటి నుంచి ఉప్పగా మారింది, కారణం ఏమనుకుంటున్నారు అన్నవి ఉన్నాయి. చాలామంది పక్క రొయ్యల చెరువు పేరే చెబుతారు. అదే చెరువులో ఆ ఇంటివాళ్లలో ఒకరు కూలికి వెళుతుండవచ్చు. చెరువు లీజుదారు అదే వీధిలో ఉండవచ్చు. పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు. డ్రెయిన్ గట్టు మీద చివరి ఇల్లు, 60 దాటిన ఒంటరి మహిళ అని రాస్తే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి ఇలా చేస్తాను.

గ్రామాల పేర్లు ఏ ఫైలులోనూ ఉండవు, ఈ షెడ్యూలులోనూ కావాలనే రాయలేదు. ఇంటి జీపీఎస్ తీసుకోను. చెరువు నుంచి ఇంటికి దూరం 100 మీటర్ల లోపు, 100 నుంచి 500 మీటర్లు, అంతకు మించి అని మూడు వరుసల్లో మాత్రమే నమోదు చేస్తాను. వయసు కూడా పదేళ్ల వరుసల్లోనే. ఏ వర్గంలోనైనా ఐదు ఇళ్ల కన్నా తక్కువ వస్తే దాన్ని పక్క వర్గంతో కలిపి చూపిస్తాను.

ఇంటింటి సమాచారం ఫోనులో KoboToolbox ఫారంలో, సిగ్నల్ లేకపోయినా నమోదయ్యేలా తీసుకుంటాను. రోజూ సాయంత్రం అమలాపురంలో గదికి వచ్చాక సర్వర్‌కు పంపి, ఒక ప్రతి ల్యాప్‌టాప్‌లో, మరొకటి పాస్‌వర్డ్ ఉన్న బయటి డిస్క్‌లో పెడతాను. డిస్క్, ల్యాప్‌టాప్ ఒకే సంచిలో ఉండవు. ఫైలు పేరు చూడగానే గ్రామం కోడు, ఇంటి కోడు, విడత, తేదీ తెలియాలి:

```
V2_H017_R1_2027-02-09.csv
V2_H017_R2_2027-05-06.csv
```

అదే ఇంటికి రెండోసారి వెళ్లాలి కనుక, ఏ కోడు ఏ ఇల్లో చెప్పే జాబితా ఒకటి తప్పదు. అది ఒక్కటే ఫైలు, `key_list.csv`, VeraCrypt‌తో తాళం వేసి ఉంటుంది. ఒక ప్రతి నా దగ్గర, ఒకటి గైడ్ గారి దగ్గర. సంతకాలున్న సమ్మతి పత్రాలు డిపార్ట్‌మెంట్ బీరువాలో విడిగా ఉంటాయి, వాటి మీద ఇంటి కోడు రాయను. పాల్గొన్న ప్రతి ఇంటికీ కోడు ఉన్న చీటీ ఇస్తాను. మే 31 లోపు ఎప్పుడైనా ఆ కోడు చెప్పి తమ సమాచారం తీసేయమని అడగవచ్చు. మే 31 సాయంత్రం జాబితా రెండు ప్రతులూ చెరిపేస్తాం. ఆ తరువాత ఎవరి సమాచారం ఏదో నాకు కూడా తెలియదు, అందుకే ఆ గడువు సమ్మతి పత్రంలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

వివరంగా మాట్లాడే 15 ఇంటర్వ్యూలు ఆడియోలో రికార్డు చేస్తాను. రాతలోకి మార్చి, గైడ్ గారు సరిచూశాక ఆడియో తీసేస్తాను. పేర్లు లేని పట్టిక, రాతప్రతులు ఐదేళ్లు డిపార్ట్‌మెంట్‌లో ఉంటాయి. నీటి కొలతలు మాత్రమే, ఇంటి వివరాలు లేకుండా, ఎవరైనా వాడుకునేలా Zenodo‌లో పెడతాను.

ఆగస్టు 29 నుంచి ఫిబ్రవరి 7 దాకా చేసే పని

గోదావరి వరదల కాలంలో లంక గ్రామాలకు ఎలాగూ వెళ్లలేం, సెప్టెంబరు వరకు ఆ భయం ఉంటుంది. ఆ నెలలు కాగితాల పనికే ఇచ్చాను. పాత అధ్యయనాలు చదివి రెండో అధ్యాయం అక్టోబరు 15కు రాసి ఇస్తాను. 2011 జనాభా లెక్కల నుంచి గ్రామాల ఇళ్ల సంఖ్య, వర్షపాతం లెక్కలు, కేంద్ర భూగర్భ జల బోర్డు ప్రచురించిన కొలతలు ఈ కాలంలోనే సేకరిస్తాను. వీటిలో వ్యక్తుల వివరాలు లేవు.

పంట కాలువ, డ్రెయిన్ నీటిని బహిరంగ ప్రదేశంలో కొలవడానికి మనుషుల అవసరం లేదు. కాబట్టి అక్టోబరు నుంచి నెలకోసారి వంతెనల దగ్గర లవణత కొలుస్తాను. మీటరును ప్రతిసారీ 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంతో సరిచూసుకుంటాను. ఎవరైనా వచ్చి ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే చెబుతాను, వాళ్లు చెప్పింది మాత్రం నోటుబుక్కులో రాసుకోను.

ఫారం సరిగ్గా పనిచేస్తోందో లేదో క్లాస్‌మేట్స్‌తో కల్పిత జవాబులు నింపించి చూస్తాను, ఆ జవాబులు తరువాత తీసేస్తాను. పంచాయతీల అనుమతి ఉత్తరాలు డిసెంబరులో తీసుకుంటాను. సర్పంచ్ గారి అనుమతి ఊళ్లో అడుగుపెట్టడానికే, ఇంటివాళ్ల సమ్మతి వేరు. అందుకే ఇంటింటికీ వెళ్లేటప్పుడు పంచాయతీవాళ్లు ఎవరూ వెంట రాకూడదని ముందే మర్యాదగా చెబుతాను. పెద్దమనిషి పక్కన నిలబడి ఉంటే మన ఊళ్లలో ఎవరూ వద్దనలేరు. చదువు రానివారికి సమాచార పత్రం చదివి వినిపించి, అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకుంటాను.

జనవరి 31కి ఉత్తరం రాకపోతే

ఫిబ్రవరి విడతలో ఇళ్లకు వెళ్లను. కాలువ, డ్రెయిన్ కొలతలు మాత్రం కొనసాగుతాయి. మేలో ఒకే విడతగా ఇళ్లకు వెళ్లి, శీతాకాలంలో ఏ నీళ్లు వాడారో గుర్తున్నంత వరకు అడుగుతాను. అది బలహీనమైన సమాచారమే, డిజర్టేషన్‌లో ఆ మాట స్పష్టంగా రాస్తాను. ఈ రెండో దారిని కూడా ఆగస్టు దరఖాస్తులోనే చేరుస్తాను, లేకపోతే దానికి మళ్లీ అనుమతి అడగాల్సి వస్తుంది.

రెండు విడతల మధ్య

మొదటి విడత తరువాత ఏవో ప్రశ్నలు మార్చాలనిపిస్తుంది. అనుమతి పొందిన ఫారంలో ఒక్క ప్రశ్న మార్చినా కమిటీకి సవరణ పంపాలి. అందుకే ఫిబ్రవరి 27 కల్లా మార్పులు తేల్చి మార్చి 1న సవరణ ఇస్తాను, మార్చి సమావేశానికి అందుతుంది. అనుమతి రాకపోతే పాత ఫారంతోనే మేలో వెళతాను.

రెండు విడతల్లోనూ ప్రతి ఇంటి నీటి కొలత అక్కడికక్కడే చెబుతాను. భారతీయ ప్రమాణం IS 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకు ఫర్వాలేదు. ఆ అంకె దాటితే తాగవద్దని చెబుతాను. తక్కువుంటే మాత్రం ‘మంచి నీళ్లు’ అనను, మా మీటరు ఉప్పునే కొలుస్తుంది, సూక్ష్మజీవులను కాదు.

చివరి నెల

మే 17 నుంచి విశ్లేషణ, జూన్ 7కు పూర్తి ముసాయిదా, జూన్ 25న సమర్పణ. అదే వారంలో ఎథిక్స్ కమిటీకి తుది నివేదిక. గ్రామాల ఫలితాలు తెలుగులో ఒక పేజీగా రాసి మూడు పంచాయతీలకు ఇస్తాను, ఏ ఊరికి ఆ ఊరి ఫలితమే.

గైడ్ గారి నుంచి కావలసినవి మూడు: ఆగస్టు 10 లోపు డేటా ప్లాన్ మీద వ్యాఖ్యలు, ఆగస్టు 26న దరఖాస్తు మీద సంతకం, మే 31 సాయంత్రం జాబితా చెరిపేటప్పుడు హాజరు. ఆగస్టు 26న ఊళ్లో లేకపోయేట్టయితే దయచేసి ముందే చెప్పండి, 24నే పత్రాలు పట్టుకుని వస్తాను.