ఒక బ్యాంకు, ఒక డిపాజిటరు, 5 లక్షలు: డిపాజిట్ బీమాపై రెండు థ్రెడ్లు

మొదటి థ్రెడ్

1/ "బ్యాంకులో డబ్బుకు 5 లక్షల దాకా బీమా ఉంది కదా" అని అందరూ అంటారు. ఆ 5 లక్షలు ఖాతాకా, శాఖకా, మనిషికా, బ్యాంకుకా అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఈ థ్రెడ్ ఆ ఒక్క ప్రశ్న గురించే. ఏ బ్యాంకు నుంచీ, ఏ ఏజెంటు నుంచీ నాకు కమీషన్ రాదు.

2/ ఈ బీమా ఇచ్చేది డీఐసీజీసీ. ఇది పూర్తిగా రిజర్వ్ బ్యాంకుకే చెందిన అనుబంధ సంస్థ. ప్రీమియం కట్టేది బ్యాంకు. ఆ ఖర్చును డిపాజిటరు మీద వేయడానికి వీల్లేదు. కాబట్టి "బీమా చేయించుకోవాలి" అంటూ ఎవరైనా మిమ్మల్ని డబ్బు అడిగితే అది మోసమే.

3/ 1960లో కేరళలోని పాలాయ్ సెంట్రల్ బ్యాంకు మూతపడిన తరువాత మన దేశంలో డిపాజిట్ బీమా ఆలోచన ఊపందుకుంది. 1962 జనవరిలో మొదలైనప్పుడు పరిమితి 1,500 రూపాయలు. 1993 మేలో అది లక్ష అయింది, ఆ తరువాత దాదాపు 27 ఏళ్లు అక్కడే ఆగిపోయింది.

4/ 2019 సెప్టెంబరు 23న ముంబయిలోని పీఎంసీ సహకార బ్యాంకుపై రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు విధించింది. మొదట ఒక్కో డిపాజిటరు తీసుకోగలిగింది 1,000 రూపాయలే. ఆ బ్యాంకు ఇచ్చిన రుణాల్లో అధిక భాగం ఒకే రియల్ ఎస్టేట్ గ్రూపుకు వెళ్లిందని తరువాత బయటపడింది.

5/ ఆ గొడవ చల్లారకముందే, 2020 ఫిబ్రవరి 4 నుంచి పరిమితి 5 లక్షలకు పెరిగింది. ఇక అసలు ప్రశ్నకు వద్దాం.

6/ పరిమితి ఒక బ్యాంకులో ఒక డిపాజిటరుకు, ఒకే హోదాలో, అంటే సొంతంగానో, జాయింట్‌గానో, సంరక్షకుడిగానో ఉన్న మొత్తం డబ్బుకు వర్తిస్తుంది. గుంటూరు శాఖలో 3 లక్షల ఎఫ్‌డీ, అదే బ్యాంకు తెనాలి శాఖలో 3 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్‌లో మరో లక్ష ఉంటే మొత్తం 7 లక్షలు. బీమా 5 లక్షలకే.

7/ అదే 7 లక్షలను రెండు వేర్వేరు బ్యాంకుల్లో 3.5 లక్షల చొప్పున పెడితే మొత్తానికీ రక్షణ ఉంటుంది, ఎందుకంటే ప్రతి బ్యాంకుకూ పరిమితిని విడిగా లెక్కిస్తారు. శాఖ మారితే ప్రయోజనం లేదు, బ్యాంకు మారితేనే ఉంది.

8/ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. 5 లక్షలు అంటే అసలు ఒక్కటే కాదు, అసలూ వడ్డీ కలిపి. 4,80,000 రూపాయలను ఏడాదికి 8 శాతంతో, వడ్డీ ఏడాది చివర వచ్చేలా పెట్టారనుకుందాం. ఏడాది తిరిగేసరికి 38,400 వడ్డీతో మొత్తం 5,18,400 అవుతుంది. ఆ రోజున 18,400 రూపాయలు బీమా పరిధి దాటినట్టే.

9/ అయిదేళ్ల క్యుములేటివ్ ఎఫ్‌డీకి తేడా ఇంకా పెద్దది. 8 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ అయితే రూపాయి అయిదేళ్లలో సుమారు 1.486 అవుతుంది. లెక్క ఇదీ:

```
1.02^20 = 1.4859
5,00,000 / 1.4859 = 3,36,496
```

10/ అంటే గడువు తీరే రోజున కూడా పూర్తి మొత్తం బీమాలోనే ఉండాలంటే మొదట వేయాల్సింది సుమారు 3,36,000 రూపాయలే. టీడీఎస్‌ను ఇందులో లెక్కించలేదు. వడ్డీని మూడు నెలలకోసారి చేతికి తీసుకునే ఎఫ్‌డీ అయితే ఈ సమస్య దాదాపు ఉండదు.

11/ జాయింట్ ఖాతాల దగ్గర నియమం కాస్త ఉదారంగానే ఉంది. భర్త పేరున ఒకటి, భార్య పేరున ఒకటి, ఇద్దరి పేర్లతో ఒకటి ఉంటే మూడింటికీ వేర్వేరుగా 5 లక్షల రక్షణ ఉంటుంది. పేర్ల వరుస మారిన జాయింట్ ఖాతాను, అంటే భార్య పేరు ముందున్న దాన్ని, నాలుగోదిగా విడిగా చూస్తారు.

12/ ఆ లెక్కన భార్యాభర్తలు ఒకే బ్యాంకులో 20 లక్షల దాకా బీమాలో ఉంచుకోవచ్చు. దుకాణం పేరుతో ఉన్న ప్రొప్రయిటర్‌షిప్ ఖాతాను మాత్రం యజమాని సొంత ఖాతాతో కలిపేస్తారు. భాగస్వామ్య సంస్థ ఖాతా వేరు, మైనరుకు సంరక్షకుడిగా తెరిచిన ఖాతా వేరు.

13/ అదే బ్యాంకులో మీకు అప్పు ఉంటే, ఆ బకాయిని డిపాజిట్‌లోంచి మినహాయించుకునే హక్కు బ్యాంకుకు ఉంది. మిగిలిన మొత్తానికే బీమా. 6 లక్షల డిపాజిట్, 2 లక్షల అప్పు ఉన్నవారికి లెక్కలోకి వచ్చేది 4 లక్షలు.

14/ డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది? ఒకప్పుడు లైసెన్స్ రద్దయి, లిక్విడేటరు వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చేది. 2021 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, బ్యాంకు ఆంక్షల కిందికి వెళ్లినా 90 రోజుల్లో బీమా మొత్తం చెల్లించాలి. విలీన ప్రయత్నం నడుస్తుంటే మరో 90 రోజుల వరకు పొడిగించవచ్చు.

15/ 5 లక్షలు దాటిన డబ్బు పోయినట్టేనా? అలా అని చెప్పడం తప్పు. 2020లో యెస్ బ్యాంకు, లక్ష్మీ విలాస్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినా, కొన్ని రోజుల తరువాత డిపాజిటర్లందరూ తమ డబ్బు పూర్తిగా తీసుకోగలిగారు. పీఎంసీ 2022 జనవరిలో యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలిసినప్పుడు మాత్రం పెద్ద మొత్తాలున్నవారికి పదేళ్ల వరకు సాగే దశలవారీ చెల్లింపు దక్కింది.

16/ పదేళ్లు ఆగగలిగే వయసు అందరికీ ఉండదు. అందుకే నా లెక్కలో పరిమితి దాటిన డబ్బును "పోతుందా" అని కాకుండా "అవసరమైన రోజున దొరుకుతుందా" అని చూడాలి.

17/ ఒక రిటైర్డ్ టీచరు గారి లెక్క వేసి చూద్దాం. చేతిలో 20 లక్షలు ఉన్నాయి. ఒక చిన్న సహకార బ్యాంకు పెద్ద బ్యాంకు కన్నా అర శాతం ఎక్కువ ఇస్తానంటోంది. మొత్తం అక్కడే, ఒక్క పేరునే పెడితే ఏడాదికి అదనంగా వచ్చేది 10,000 రూపాయలు. ఆ 10,000 కోసం బీమా లేని స్థితిలో ఉన్నది 15 లక్షలు.

18/ 5 లక్షల లోపు అక్కడ పెట్టి 2,500 అదనపు వడ్డీ తీసుకోవడంలో నాకు అభ్యంతరం కనిపించదు. మిగతా 15 లక్షల విషయంలో ఆ బేరం నాకు గిట్టుబాటుగా అనిపించదు. ఇది నా అభిప్రాయం. పైన చెప్పినవి నియమాలు. రెండింటినీ కలిపి చదవవద్దు.

రెండో థ్రెడ్

1/ నిన్నటి థ్రెడ్ చదివినవారు ఎక్కువగా అడిగిన ప్రశ్న: "మా ఊరి సొసైటీలో ఎఫ్‌డీకి కూడా ఇది వర్తిస్తుందా?" సూటిగా చెప్పాలంటే, వర్తించదు. కారణం కొంచెం వివరంగా చెప్పాలి.

2/ సహకార బ్యాంకు, సహకార సొసైటీ ఒకటి కావు. వాణిజ్య బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు, రిజర్వ్ బ్యాంకు లైసెన్స్ ఉన్న సహకార బ్యాంకులు బీమాలో ఉంటాయి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు, 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైన పొదుపు సంఘాలు ఉండవు.

3/ కౌంటరు, పాస్‌బుక్కు, టోకెను, గోడ మీద వడ్డీ రేట్ల పట్టిక, అన్నీ బ్యాంకులో లాగే కనిపిస్తాయి కాబట్టి తికమక సహజం. బోర్డు చూసి నిర్ణయించకండి. డీఐసీజీసీ వెబ్‌సైట్‌లో బీమా ఉన్న బ్యాంకుల జాబితా ఉంటుంది. రసీదు మీద అచ్చయిన పూర్తి పేరును దానితో అక్షరం అక్షరం పోల్చండి.

4/ ఎన్‌బీఎఫ్‌సీల, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల ఎఫ్‌డీలకూ ఈ బీమా లేదు. డిపాజిట్లు తీసుకునే అనుమతి అన్ని ఎన్‌బీఎఫ్‌సీలకూ ఉండదు. ఉన్నవి కూడా 12 నెలల నుంచి 60 నెలల కాలానికే, ఏడాదికి 12.5 శాతం మించకుండా వడ్డీ ఇవ్వాలి. 15 శాతం ఇస్తామని ఒక ఎన్‌బీఎఫ్‌సీ చెబితే, సంస్థ మంచిదా కాదా అన్న చర్చ దాకా వెళ్లనక్కర్లేదు.

5/ చిట్టీ డిపాజిట్ కాదు. దానికి 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం, రాష్ట్ర ప్రభుత్వ చిట్స్ రిజిస్ట్రార్ ఉన్నారు. చిట్టీ నడిపే ఫోర్‌మన్ చిట్టీ మొత్తానికి సమానమైన హామీని ముందుగా చూపాలి. ఆ రక్షణ నమోదైన చిట్టీలకే. కాలనీలో తెల్లకాగితం మీద రాసుకునే చిట్టీలకు అదీ లేదు.

6/ విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టినవారు ఏజెంటు ఇచ్చిన పత్రాన్ని "డిపాజిట్ బాండు" అనే పిలిచేవారు. అది బ్యాంకు కాదు కనుక డీఐసీజీసీ ప్రస్తావనే రాలేదు. రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు కట్టినవారికి చెల్లించింది. ఆపై మొత్తాలవారికి ఆస్తుల వేలం, కోర్టులే దిక్కు.

7/ పోస్టాఫీసు సంగతి వేరు. అక్కడి పొదుపు పథకాలకు కేంద్ర ప్రభుత్వమే బాధ్యత వహిస్తుంది కాబట్టి 5 లక్షల గీత అక్కడ ఉండదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షల దాకా పెట్టవచ్చు. నిన్నటి టీచరు గారి 20 లక్షలు పూర్తిగా అందులో సరిపోతాయి, కాకపోతే గడువు అయిదేళ్లు. ముందే తీస్తే కొంత కోత ఉంటుంది.

8/ మరో ప్రశ్న: "నేను వేర్వేరు బ్యాంకుల్లోనే పెట్టాను, ఇక నిశ్చింతే కదా?" పెట్టిన నాటి సంగతి సరే, ఈరోజు అవి వేరుగానే ఉన్నాయా చూడండి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. మూడింట్లో తలా 4 లక్షలు ఉన్నవారికి ఇప్పుడు ఒకే బ్యాంకులో 12 లక్షలు ఉన్నట్టు లెక్క.

9/ స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లోనే ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రప్రదేశ్‌లోని చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి గ్రామీణ బ్యాంకులు, ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1 నుంచి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఇవి ప్రభుత్వ వాటా ఉన్న బ్యాంకులు, భయపడాల్సిన పని నాకు కనిపించడం లేదు. నియమం మాత్రం వాటికీ ఒకటే.

10/ కాబట్టి పాత ఎఫ్‌డీ రసీదులను బయటికి తీసి, ఒక్కో దాని పక్కన నాలుగు సంగతులు రాసుకోండి: బ్యాంకు ఇప్పటి పేరు, ఖాతాలో ముందున్న పేరు, ఇవాళ్టికి చేరిన వడ్డీ, అదే బ్యాంకులో ఉన్న అప్పు. గోల్డ్ లోనును మర్చిపోకండి, అదీ అప్పే.

11/ పరిమితిని పెంచే విషయమై వార్తలు అప్పుడప్పుడు వస్తుంటాయి. అధికారిక నోటిఫికేషన్ వచ్చేవరకు నేను 5 లక్షలతోనే లెక్క వేస్తాను. మారిన రోజున ఈ థ్రెడ్ కిందే తేదీతో సహా రాస్తాను.